ఎదురెదురు నీళ్ల ప్లాంట్లు

(కావలిలో కామర్స్ విద్యార్థుల సమావేశంలో మాట్లాడినది)

ప్రిన్సిపాల్ గారికి, సార్లకు, మేడమ్‌లకు నమస్కారం. శాలువా సంగతి తర్వాత చూద్దాం, ముందు నన్ను మాట్లాడనివ్వండి. 'వ్యాపారంలో విజయం' గురించి చెప్పమని పిలిచారు గానీ నాకు బాగా తెలిసింది మా నాయన వ్యాపారం ఎట్లా మునిగిందో. అదే చెప్తా.

మా వీధిలో రెండు నీళ్ల ప్లాంట్లు ఉండేవి, ఎదురెదురుగా. ఒకటి మా నాయనది, రెండోది ఆయన స్నేహితుడిది. ఆయన్ను నేను బాబాయి అనేవాణ్ణి. అవే బోరు నీళ్లు, అదే రకం మిషను, అదే నీలం రంగు 20 లీటర్ల క్యాను. తాగి చూసి ఏది ఎవరిదో చెప్పమంటే మా అమ్మకు కూడా తెలిసేది కాదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తా.

అంకెలు కొంచెం గుండ్రంగా చెప్తా. కరెంటు, ఫిల్టర్లు, ఆటో డీజిలు, కుర్రాడి కూలి, మా నాయన సొంత కష్టానికి జీతం, అన్నీ కలిపి క్యానుకు 12 రూపాయలు. అవతలాయనకూ అంతే. అమ్మేది 20కి. వీధికి రోజుకు 400 క్యాన్లు, చెరి సగం. అంటే ఒక్కొక్కరికి 200 క్యాన్ల మీద 8 రూపాయల చొప్పున 1600 లాభం. హాయిగా ఉంది కదా?

ఒకరోజు బాబాయి 19 చేశాడు. ఒక్క రూపాయి! వీధి మొత్తం అటు తిరిగింది. 400 క్యాన్ల మీద 7 చొప్పున ఆయనకు 2800, మాకు సున్నా. మా నాయన ఏం చెయ్యాలి? 19కే ఇస్తే సగం, 1400. 18కి ఇస్తే వీధంతా మనదే, 2400. మీరైతే ఏం చేస్తారు, చెప్పండి? ...చూశారా, వెనక బెంచీ వాళ్లు అప్పుడే 18 అంటున్నారు. మర్నాడు ఆయన 17.

ఊళ్లో వాళ్లు ఇప్పటికీ, అసూయతో ఇద్దరూ చెడిపోయారు అంటారు. అబద్ధం. ఆ మాట పడలేకే ఇవాళ ఇక్కడికొచ్చా. వాళ్లిద్దరూ సాయంత్రం ఒకే టీ బండి దగ్గర నిలబడేవాళ్లు. ఏ రోజు లెక్క ఆ రోజుకు సరైనదే. తగ్గించకపోతే ఆ రోజు చేతికి ఏమీ రాదు.

14 దగ్గర గమ్మత్తు జరిగింది. ఇద్దరూ 14కి అమ్మితే చెరి 400 లాభం. ఒకరు 13 చేసి వీధంతా లాక్కున్నా అదే 400. అక్కడ ఆగాలి కదా? ఆగలేదు. ఎందుకంటే మా దగ్గర సగం ఇళ్లు నెల ఖాతా. 30 క్యాన్లకు 420 అనేచోట 415 అంటే క్యానుకు పదహారు, పదిహేడు పైసలే తగ్గుతుంది, ఇల్లు మాత్రం మనకొస్తుంది. రూపాయి అడ్డుగోడను నెల ఖాతా పడగొట్టింది. అట్లా జారి జారి 12కి చేరాం. అక్కడినుంచి తగ్గిస్తే ప్రతి క్యాను మీదా నష్టం, పెంచితే ఒక్క క్యానూ పోదు. లాభం సున్నా.

ఇదే సంగతి ఫ్రాన్సులో జోసెఫ్ బెర్ట్రాండ్ అనే గణితవేత్త 1883లో రాశాడు. అంతకుముందు 1838లో కూర్నో అనే ఆయన ఇద్దరు వ్యాపారులను ఊహించాడు, చిత్రం ఏమంటే వాళ్లూ నీళ్ల వాళ్లే, మినరల్ వాటర్ ఊటల యజమానులు! ఎవరెంత సరుకు తేవాలో నిర్ణయించుకుంటారు, ఇద్దరికీ కొంత లాభం మిగులుతుంది అన్నాడు కూర్నో. ఎందుకు మిగులుతుందయ్యా, ఒకరి ధర కింద ఒకరు దూరరా అన్నాడు బెర్ట్రాండ్.

సున్నా అంటే ఆకలి కాదు, మా నాయన జీతం ఆ 12లో ఉంది. ఆయన తప్పు ఎక్కడంటే, మిషనులో నీళ్లు వడగట్టే మెంబ్రేన్ అరుగుదలను, తన కష్టాన్ని ఖర్చులో రాయకుండా 10కే గిట్టుతుందనుకుని అక్కడిదాకా దిగాడు. మెంబ్రేన్ మార్చాల్సిన రోజున గల్లా పెట్టెలో డబ్బు లేదు. తెలిసింది అప్పుడే.

కూర్చుని మాట్లాడుకోవచ్చుగా అంటారు. మాట్లాడుకున్నారు, 20 అని చేతులు కలిపారు. ధర కట్టడానికి అట్లా కూడబలుక్కోవడం 2002 నాటి కాంపిటీషన్ చట్టం ప్రకారం తప్పని వాళ్లకు తెలియదు లెండి. నాలుగు రోజులు నిలిచింది. ఖాతా పుస్తకంలో ఎవరికెంత రాస్తున్నారో అవతలివాడికి కనపడదు కదా, ఇద్దరూ లోపల్లోపల తగ్గించారు.

ఒక్క మే నెలలో మాత్రం ధర తనంతట తనే పైకి లేచేది. రోహిణి ఎండలకు వీధి 900 క్యాన్లు అడిగేది, ఒక్కో ప్లాంటు నింపగలిగేది 400. తగ్గించి లాక్కున్న ఇంటికి ఇవ్వడానికి నీళ్లుండవు, ఇక తగ్గించేదెందుకు? బెర్ట్రాండ్ లెక్క నిలవాలంటే ఒక్కడే వీధంతటికీ పోయగలగాలి. ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట కూడా అంతే. మా నీళ్ల రుచి కాస్త వేరుగా ఉన్నా, రూపాయి తేడాకు అందరూ కదిలేవాళ్లు కాదు.

రెండో ఏడు మా నాయన షట్టర్ దించేశాడు. వారం తిరక్కుండా ఎదురు ప్లాంటులో క్యాను 25 అయింది. మా ఇంటికి మాత్రం బాబాయి చాన్నాళ్లు 12కే వేయించాడు, డబ్బు తీసుకునేటప్పుడు మా నాయన ముఖం వంక చూసేవాడు కాదు.