పాత 8085 కిట్ రివ్యూ: ప్రోగ్రాం ఒక్కో అడుగు వేస్తుంటే చూద్దాం

హాయ్ అందరికీ. ఈసారి రివ్యూ ఫోనుది కాదు, కోఠి గుజరాతీ గల్లీలో సెకండ్ హ్యాండ్‌లో దొరికిన 8085 ట్రైనర్ కిట్‌ది. బీటెక్ ఈసీఈ చదివినవాళ్లు ల్యాబ్‌లో దీన్ని చూసే ఉంటారు, రికార్డు రాసి సంతకం పెట్టించుకుని మర్చిపోయే ఉంటారు. అందులోని 8085 ప్రాసెసర్ చిప్ 1976 నాటిది, ఇంటెల్‌ది. మీ ఫోన్‌లోని ప్రాసెసర్ లోపల ఏం చేస్తోందో కంటికి కనబడదు కానీ, ఇక్కడ కనబడుతుంది.

అయిదు నుంచి ఒకటి దాకా అంకెలు కూడే ప్రోగ్రాం ఎక్కిస్తున్నా, చూడండి. ఎడమ పక్కది మెమరీ అడ్రసు, మధ్యలోవి అక్కడి నుంచి వరసగా కొట్టే బైట్లు, కుడి పక్కది వాటి అర్థం, అంకెలన్నీ హెక్సాలో ఉన్నాయి. A, B అంటే ప్రాసెసర్ లోపల అంకెలు దాచుకునే రిజిస్టర్లు, కూడిక జవాబు A లోనే పడుతుంది.

```
2000  3E 00      MVI A,00
2002  06 05      MVI B,05
2004  80         ADD B
2005  05         DCR B
2006  C2 04 20   JNZ 2004
2009  32 50 20   STA 2050
200C  76         HLT
```

ఇందులో 05 రెండుచోట్ల ఉంది, గమనించారా? 2003లో అది మామూలు అంకె, 2005లో మాత్రం "B లోంచి ఒకటి తీసెయ్" అనే ఆర్డరు. మెమరీకి ఈ తేడా తెలీదు. ప్రోగ్రాం కౌంటర్ చూపించిన చోటి నుంచి ప్రాసెసర్ ఒక బైటు తెచ్చుకుంటుంది, అది ఫెచ్. 06 అని చూడగానే "తర్వాతి బైటు B లోకి వెళ్లాల్సిన అంకె" అని తేల్చుకుంటుంది, అది డీకోడ్. ఆ బైటు కూడా తెచ్చి B లో పెట్టేస్తే పని అయిపోయింది, ఈలోపు కౌంటర్ 2004కి చేరిపోయింది. ఇక JNZ చేసేదల్లా, B ఇంకా సున్నా కాకపోతే అదే కౌంటర్‌లో 2004 అని తిరగరాయడం. లూప్ అంటే అంతే, వేరే మాయేం లేదు. ఆఖరికి 2050లో 0F ఉంటుంది, అంటే 15.

ఇప్పుడు కావాలనే 2001లోని 00 కొట్టకుండా మిగతావి వరసగా ఎక్కిస్తా. ఎర్రర్ ఏమీ రాదు! 3E పక్కన ఇప్పుడు 06 ఉంది కాబట్టి A లోకి 6 పోయింది, అంకె కావాల్సిన 05 ఆర్డరైపోయింది. B మొదట్లో సున్నా ఉంటే జవాబు 05 వస్తుంది, తప్పని చెప్పేవాడు ఎవడూ ఉండడు. సింగిల్ స్టెప్ కీ నొక్కుతూ పోతే మాత్రం దొరికిపోతుంది: రెండో స్టెప్పుకి కౌంటర్ 2004 దగ్గర ఉండాల్సింది 2003 దగ్గర ఆగుతుంది.

మైనస్ ఏంటంటే, ఈ కీ ఒక ఇన్‌స్ట్రక్షన్ మొత్తం అయ్యాకే ఆగుతుంది, ఫెచ్ ఒక్కటే విడిగా చూడలేం. అది చూడాలంటే ఆసిలోస్కోప్ కావాలి, మన బడ్జెట్ కాదు.

నేర్చుకునేవాళ్లు నిరభ్యంతరంగా తీసుకోండి. డబ్బులిచ్చే ముందు షాపులోనే కీలన్నీ నొక్కి చూసుకోండి, ఒక్క C కీ పోయినా JNZ కొట్టలేరు, లూప్ ఊసే ఉండదు.