ఏడు లక్షల నష్టం, యాభై వేల నష్టం

అధ్యక్షులకూ, వేదిక మీది పెద్దలకూ, ఎదురుగా ఉన్న విద్యార్థులకూ, మున్సిపల్ అకౌంట్స్ ఉద్యోగులకూ నమస్కారం. పేరుపేరునా తలుచుకుంటే నాకిచ్చిన సమయం అక్కడే చెల్లిపోతుంది, మన్నించండి.

సహజ గుత్తాధిపత్యాన్ని ఎలా నియంత్రించాలన్నది ఈ రోజు అంశం. అందులో ఒక్క లెక్క పట్టుకుంటాను. ఎందుకంటే పరీక్ష పేపర్లలోనూ, రేట్లు పెంచమని పంపే ఫైళ్లలోనూ అది ఒకేలా తప్పుతోంది.

ఒక చిన్న పట్టణంలో కుళాయి నీళ్ల పథకం ఉందనుకోండి. కనెక్షన్లు 5,000. నెలవారీ ఖర్చు ఇది:

C = 700 + 20Q

Q అంటే వేల కిలోలీటర్లు, C అంటే వేల రూపాయలు. ఆ 700 అంటే ఏడు లక్షలు. ట్యాంకు, మెయిన్ పైపులైను, వాటి మీది అప్పు, సిబ్బంది జీతాలు. చుక్క నీరు వదలకపోయినా ఆ ఖర్చు తప్పదు, అదే స్థిర వ్యయం. 20 అంటే ఒక కిలోలీటరు అదనంగా ఇస్తే పడే ఖర్చు, అంటే పంపు కరెంటు, క్లోరిన్. అదే ఉపాంత వ్యయం. ఇక కిలోలీటరు రేటు P రూపాయలైతే, జనం వాడకం దాన్ని బట్టి ఇలా మారుతుంది:

Q = 100 − P

సగటు వ్యయం 20 + 700/Q. Q ఎంత పెరిగినా ఇది తగ్గుతూనే ఉంటుంది, కానీ 20కి ఎప్పుడూ దిగదు. అదే వీధిలో ఇంకొకరు ఇంకో పైపు వేస్తే ఇంకో ఏడు లక్షలు పడతాయి. అందుకే ఊరికి ఒక్క పథకమే చాలు, సహజ గుత్తాధిపత్యం అంటే ఇదే, అందుకే దాని రేటు మీద ఎవరో ఒకరి అదుపు ఉండాలి.

అదుపు లేకపోతే ఏమవుతుందో చూసి ముందుకు వెళ్దాం. లాభం కోసమే నడిపితే రేటు 60 అవుతుంది, వాడకం 40 వేల కిలోలీటర్లకు పడిపోతుంది, నెలకు 9 లక్షల లాభం మిగులుతుంది. అది వద్దని అందరం ఒప్పుకుంటాం.

ఇప్పుడు అదుపు చేసేవారి ముందు రెండు దారులు. మొదటిది, ఉపాంత వ్యయమే రేటు. P = 20, Q = 80. రాబడి 16 లక్షలు, ఖర్చు 23 లక్షలు, లోటు 7 లక్షలు. సరిగ్గా స్థిర వ్యయమంత. ఉపాంత వ్యయం మారకుండా ఉంది కాబట్టే రెండూ సమానమయ్యాయి. అది మారుతూ ఉంటే కావు, పరీక్షలో ఇది గుర్తుంచుకోండి.

రెండోది, సగటు వ్యయమే రేటు. 100 − Q = 20 + 700/Q అని రాసి సర్దితే Q² − 80Q + 700 = 0 వస్తుంది. దీనికి రెండు జవాబులున్నాయి: 10, 70. రెండింటిలోనూ లాభం సున్నాయే. కొందరు మొదట కనిపించిన 10 తీసుకుని రేటు 90 అని రాసేస్తారు. జనానికి ఎక్కువ నీళ్లు తక్కువ రేటుకు దొరికేది 70 దగ్గర, అక్కడ రేటు 30. రాబడి 21 లక్షలు, ఖర్చు 21 లక్షలు. లోటు లేదు.

ఇక్కడ ఆగి నా మాట వినండి. చాలామంది ఇక్కడే పెన్ను మూసేస్తారు. ఒకదాంట్లో నష్టం ఏడు లక్షలు, రెండోదాంట్లో సున్నా, కాబట్టి రెండోదే మేలని రాస్తారు. అది సంస్థ పద్దు పుస్తకంలోని నష్టం. ఊరి నష్టం వేరే లెక్క. రేటు 30 అయినప్పుడు 70కీ 80కీ మధ్య ఉన్న పది వేల కిలోలీటర్లు ఎవరూ వాడరు. వాటికి 20కి పైనే ఇవ్వడానికి జనం సిద్ధం, తయారీకి పడేది 20. ఆ త్రిభుజం ½ × 10 × 10 = 50, అంటే యాభై వేల రూపాయలు. ఆ మేలు ఎవరి చేతికీ రాదు. ఏడు లక్షలు మాత్రం ఎక్కడికీ పోలేదు. తక్కువ బిల్లు రూపంలో జనం జేబులోనే ఉన్నాయి. ఈ రెండు నష్టాలనూ ఒకే వరుసలో రాయకండి. మళ్లీ చెబుతున్నాను, ఒకే వరుసలో రాయకండి.

అయితే ఆ ఏడు లక్షలు ఎవరు పూడ్చాలి? 1938లో ఆర్థికవేత్త హెరాల్డ్ హోటెలింగ్ పన్నుల నుంచి పూడ్చమన్నాడు. రేటు ఉపాంత వ్యయం దగ్గరే ఉంచి, స్థిర వ్యయాన్ని ఆదాయపు పన్ను, వారసత్వపు పన్ను, స్థలాల విలువ మీది పన్ను వంటి వాటితో కట్టమన్నాడు. పన్ను వసూలు వల్ల కూడా జనం పనులు, కొనుగోళ్లు కొంత చెదురుతాయి. అందుకని ఇలా లెక్క వేయండి. రూపాయి పన్ను వసూలుకి సమాజానికి అదనంగా పడే నష్టం ఏడు పైసల లోపు ఉంటే హోటెలింగ్ దారి మేలు, అంతకు మించితే సగటు వ్యయం రేటే మేలు. యాభై వేలను ఏడు లక్షలతో భాగిస్తే వచ్చేది 7.14 పైసలే. ఇంకో చిక్కు కూడా ఉంది: ఆ డబ్బు నెలనెలా రావాలి. కరెంటు రేట్ల విషయంలో అయితే విద్యుత్ చట్టం 2003లో 65వ సెక్షన్, రాష్ట్ర ప్రభుత్వం సబ్సిడీ ఇస్తానంటే ఆ మొత్తం ముందుగానే చెల్లించాలంటుంది. నీళ్ల పథకానికి ఆ డబ్బు రాకపోతే పంపు మరమ్మతు ఆగుతుంది, లీకులు పెరుగుతాయి, కిలోలీటరుకు 20 అన్న అంకె కూడా నిలవదు.

1946లో ఇంకో ఆర్థికవేత్త రొనాల్డ్ కోస్ ఇంకో దారి చూపాడు. పన్నులెందుకు, వాడేవారి దగ్గరే బిల్లును రెండు ముక్కలు చేయండి అన్నాడు. మన కరెంటు బిల్లులో ఫిక్స్‌డ్ ఛార్జీ, ఎనర్జీ ఛార్జీ ఉన్నట్టే. మన పట్టణంలో ఏడు లక్షలను 5,000 కనెక్షన్లకు పంచితే ఇంటికి 140 రూపాయలు, పైన కిలోలీటరుకు 20. లోటు లేదు, ఆ యాభై వేలూ పోవు. కాగితం మీద ఇంతకంటే బాగుండదు.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇక్కడుంది. తర్వాత చెప్పాల్సినవి పక్కన పెట్టేస్తున్నాను, నిర్వాహకులు ఏమనుకున్నా సరే. ఆ 140 కట్టలేని ఇంటి సంగతి చూడండి. ఒంటరి ముసలావిడ ఇల్లు, 20 రూపాయల రేటు దగ్గర నెలకు రెండు కిలోలీటర్ల వాడకం. ఆమెకు రేటు 100 అయితే వాడకం సున్నా అనుకుందాం. నీళ్ల వల్ల ఆమెకు మిగిలే మేలు ½ × 2 × 80, అంటే 80 రూపాయలు. 140 కట్టి 80 మేలు పొందడం ఎందుకు? కనెక్షన్ తీయించేసి వీధి పంపుకు వెళ్తుంది. సగటు వ్యయం రేటు 30 అయితే ఆమె 1.75 కిలోలీటర్లు వాడుతూ కొనసాగేది.

అలాంటి ఇల్లు ఒక్కటి పోతే ఊరికి 80 రూపాయల మేలు పోయినట్టు. ఆ యాభై వేలను 80తో భాగించండి. 625. ప్రతి ఎనిమిది ఇళ్లలో ఒకటి తప్పుకుంటే రెండు ముక్కల బిల్లు తెచ్చిన మేలంతా హరించుకుపోయింది. ఏడు లక్షలను మిగిలిన 4,375 ఇళ్లకు పంచితే ఛార్జీ 160 అవుతుంది. నీళ్ల వల్ల మిగిలే మేలు 140కీ 160కీ మధ్య ఉన్న ఇళ్లు కూడా అప్పుడు తప్పుకుంటాయి.

రేట్ల మీద బహిరంగ విచారణకు వెళ్లేవారు మీలో ఎవరైనా ఉంటే సగటు బిల్లు ఎంతని అడగకండి. ఛార్జీ పడ్డాక ఎన్ని కనెక్షన్లు రద్దయ్యాయో, అవి ఏ స్లాబులోవో అడగండి. ఆ 625 ఇళ్లకు మొదటి నుంచే ఛార్జీ మినహాయించి, పైపు సైజును బట్టి మిగతావారి మీద వేశారనుకోండి. అప్పుడు కూడా వాళ్లకు సగటున పడేది అదే 160. చిన్న ఇళ్లు కిలోలీటరుకు 20 కడుతూనే ఉంటాయి, కాబట్టి వాటి నీళ్ల ఖర్చు ఎవరి మీదా పడదు. రెండు చోట్లా మిగతావారి బిల్లు ఒకటే. తేడా అంతా ఆ 625 ఇళ్లలో కుళాయి ఉందా లేదా అన్నదే.