గుండె పటంలో ఎడమ ఏది, కుడి ఏది

తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చిన జీవశాస్త్ర ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం. పదో తరగతి పిల్లలు గీసే గుండె అంతర్నిర్మాణ పటాన్ని దిద్దే పద్ధతి గురించి మాత్రమే ఈ రోజు మాట్లాడతాను.

చిత్తూరు దగ్గరి ఒక పల్లె బడిలో చదివే అమ్మాయి గీసిన పటం నా చేతిలో ఉంది. కాగితానికి ఎడమవైపున్న గదులకు ఎడమ కర్ణిక, ఎడమ జఠరిక అని, కుడివైపు గదులకు కుడి కర్ణిక, కుడి జఠరిక అని రాసింది. మనలో చాలామంది నాలుగింటికీ ఎర్ర సిరాతో అడ్డగీతలు పెట్టి వదిలేస్తాము. నేను మాత్రం పేర్లు చదివే ముందు బొమ్మను చూడమంటాను. ఈ బొమ్మలో గుండె మొన కాగితం కుడివైపుకు వాలి ఉంది, అటువైపు జఠరిక గోడనే ఆమె మందంగా గీసింది. రక్తాన్ని శరీరమంతటికీ నెట్టవలసిన ఎడమ జఠరిక గోడే మందంగా ఉంటుంది కనుక బొమ్మ సరైనదే, పేర్లే తారుమారయ్యాయి. ఎదురుగా ఉన్న మనిషి ఎడమ భాగం మనకు కుడివైపున కనిపిస్తుంది కదా. పైగా అగ్రత్రయ కవాటాన్ని కాగితానికి ఎడమవైపు, అంటే ఉండవలసిన చోటే, గుర్తించింది. కవాటం స్థానాన్ని పటం చూసి నేర్చుకుని, కుడి ఎడమలను తన చేతుల వైపును బట్టి రాసిందన్నమాట. ఇవి నాలుగు తప్పులు కావు, ఒకే అపోహ.

ఆ కాగితాన్ని బొమ్మ మనవైపు ఉండేలా తన ఛాతీకి ఆనించుకోమన్నాను. మొన తన ఎడమచేతి వైపుకు రావడం చూసి, అడగకుండానే పేర్లు మార్చింది. మొన, మందపు గోడ రెండూ కాగితం ఎడమవైపే ఉంటే మాత్రం బొమ్మే తిరగబడినట్టు, అప్పుడు పేర్లను తప్పుపట్టకూడదు. గోడలు రెండూ ఒకే మందంతో, మొన మధ్యలో ఉంటే కాగితాన్ని బట్టి తేల్చలేము, పిల్లనే అడగాలి.

తరువాత ప్రతి సూచిక గీతనూ పేరు నుంచి కాక, బొమ్మను తాకిన కొస నుంచి వెనక్కి చదవాలి. పుపుస ధమని అని రాసిన గీత కొస బృహద్ధమని వంపు మీదే ఆగిపోయింది. ఏ నాళాన్ని ఉద్దేశించావని అడిగితే, కుడి జఠరిక నుంచి బయలుదేరే నాళం మీద వేలు పెట్టింది. గీత పొట్టిదైందే తప్ప తెలియక చేసినది కాదు. అగ్రద్వయ కవాటాన్ని గీసింది కానీ పేరు రాయలేదు. గీయకపోవడం వేరు, గీసి పేరు మరచిపోవడం వేరు కనుక, ఆ ఖాళీ పక్కన చిన్న ప్రశ్నార్థకం పెడితే చాలు.

అక్షరదోషాల్లో కూడా తేడా గమనించాలి. ధమనిని 'దమని' అన్నా భాగం తెలుస్తూనే ఉంది. కర్ణికను 'కణిక' అని రాస్తే అది మరో మాట, జఠరికను 'జఠరం' అంటే గుండె వదిలి జీర్ణకోశానికి పోయినట్టే. ఈ అమ్మాయి ఒకచోట కణిక అని, రెండోచోట కర్ణిక అని సరిగ్గా రాసింది కాబట్టి, జారిపోయిన ఆ వలపలగిలకను మాత్రం నేను చేర్చి కాగితం తిరిగి ఇచ్చాను.