మెట్ల మీద ఒక పాదం గాల్లోనే ఎందుకు ఉంటోంది?

"అన్నా, గేమ్ క్యారెక్టర్‌కి, పాదం ఉండాల్సిన చోటుని బట్టి కాలిని వంచే ఐకే పెట్టాను, పాదం కింద నేల ఎత్తు చూసే రే కూడా సరిగ్గానే నేలకి తగులుతోంది. అయినా మెట్ల మీద నిలబెడితే ఒక పాదం గాల్లోనే ఉంటోంది. ఎందుకు?"

కాలు అందట్లేదు, అంతే. లెక్క వేసి చూద్దాం. మెట్టు ఎత్తు 20 సెంటీమీటర్లు. క్యారెక్టర్‌ని నేల మీద నిలిపే క్యాప్సూల్ పై మెట్టు మీద ఆగింది. ఎడమ పాదం అక్కడే ఉంది, కుడి పాదం కింది మెట్టు మీదకి రావాలి. తొడ ఎముక 45, పిక్క ఎముక 45 అనుకోండి. అంటే కాలు పూర్తిగా చాపినా 90 దాటదు. మామూలుగా నిలబడే యానిమేషన్‌లో తుంటి నుంచి చీలమండకి 88 ఉంది. ఇప్పుడు మరో 20 కిందకి అంటే 108 కావాలి. కాలు కర్రలా బిగుసుకుపోయి, ఇంకా 18 సెంటీమీటర్లు పైనే ఆగిపోతుంది. స్క్రీన్ మీద మోకాలు నిటారుగా బిగుసుకుపోయి కనిపిస్తే కారణం ఇదేనని గుర్తుపట్టొచ్చు.

కాబట్టి ముందు కదలాల్సింది పాదం కాదు, నడుము. పెల్విస్ బోన్‌ని దించాలి. కింద groundL, groundR అంటే రే తగిలిన నేల ఎత్తులు, rootZ అంటే క్యాప్సూల్ అడుగు ఎత్తు, animL, animR అంటే యానిమేషన్‌లో పాదాల ఎత్తులు.

```
L = groundL - rootZ
R = groundR - rootZ
pelvis = min(L, R, 0)
footL = animL + L
footR = animR + R
```

మన కేసులో L సున్నా, R మైనస్ 20. నడుము 20 దిగుతుంది. కుడి కాలికి మళ్లీ 88 దూరమే, హాయిగా అందుతుంది. ఎడమ కాలికి ఇప్పుడు 68 చాలు, అందుకే మోకాలు వంగుతుంది. కొసైన్ సూత్రంతో చూస్తే మోకాలి కోణం 156 డిగ్రీల నుంచి 98కి వస్తుంది. మనిషి మెట్ల మీద నిలబడినట్టు అనిపించేది ఆ వంపు వల్లే.

ఇక్కడ వరుస చాలా ముఖ్యం. animL, animR విలువల్ని నడుము దించకముందే తీసుకోవాలి. దించాక తీసుకుంటే పాదం అప్పటికే 20 దిగిపోయి ఉంటుంది, దానికి R మళ్లీ కలుస్తుంది, పాదం మెట్టులోకి దూరిపోతుంది. పాదం సరిగ్గా మెట్టు ఎత్తు అంత లోపలికి వెళ్తే ఇంకెక్కడా వెతక్కండి, ఇదే.

ఇంకోటి గమనించారా, పాదాన్ని రే తగిలిన చోట నేరుగా పెట్టలేదు, యానిమేషన్ ఎత్తుకి తేడాని కలిపాం. దీనివల్ల చీలమండ నేలలో కూరుకుపోదు, నడిచేటప్పుడు ఎత్తిన పాదం ఎత్తినట్టే ఉంటుంది. పాదాలు నేలకి జిగురుతో అతికినట్టు ఈడుస్తుంటే, ఈ కలపడం మర్చిపోయారన్నమాట.

నడుము విలువని ఒక్క ఫ్రేమ్‌లో మార్చకండి, మెట్టు మెట్టుకీ ఒళ్లంతా కుదుపు వస్తుంది. సెకనులో పదో వంతో, రెండు వంతులో పట్టేలా మెల్లగా దించండి. ఆ కాసేపు కింది కాలు కొంచెం బిగుస్తుంది, కానీ కదలికలో కంటికి ఆనదు.

దీనికీ ఒక హద్దు ఉంది. గోడ అంచున నిలబడితే ఒక పాదం కింద మీటరు లోతు ఉండొచ్చు. అప్పుడు నడుము మీటరు దిగితే క్యారెక్టర్ కూలబడిపోతుంది. అందుకే 40 సెంటీమీటర్లకి మించి తేడా వస్తే ఆ పాదాన్ని లెక్కలోంచి తీసేసి, దాని ఐకే వెయిట్‌ని సున్నాకి తెచ్చేయండి. ఆ కాలు అంచు బయట మామూలు యానిమేషన్‌లోనే ఉంటుంది, దాన్ని అలాగే వదిలేయండి.