ఇల్లు పిల్లలకి రాసిచ్చే ముందు: దానం, వీలునామా, అమ్మకం
(కావలిలో పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నేను చాలా ఏళ్లుగా ఆస్తి దస్తావేజులు చూస్తున్న వకీలుని. చట్టాల జాబితా చదవకుండా, నా దగ్గరకి వచ్చిన ఒక పెద్దావిడ సంగతి చెబుతాను. ఇక్కడ ఉన్నవాళ్లలో చాలామందికి ఇదే ప్రశ్న ఉందని నాకు తెలుసు.

ఆవిడకి 72 ఏళ్లు. భర్త లేరు. 20 అంకణాల స్థలంలో ఇల్లు, అంటే మన లెక్కలో 160 చదరపు గజాలు. ఆవిడ పేరు మీదే కొన్నది. కొడుకు, కోడలు ఆవిడతోనే ఉంటారు. కూతురు ఒంగోలులో ఉంటుంది. మేడ మీద ఒక అంతస్తు వేయడానికి కొడుక్కి బ్యాంకు లోన్ కావాలి. "నాయనా, అబ్బయ్య పేరుకి రాసిచ్చేద్దామనుకుంటున్నా. రేపు నేను పోతే చెల్లెలు వచ్చి వాటా అడుగుతుందేమోనని వాడికి టెన్షన్" అంటూ, టైపు చేయించిన దాన సెటిల్‌మెంట్ దస్తావేజు నా చేతికిచ్చింది. మర్నాడు రిజిస్ట్రేషన్.

కొడుకు భయం ఉత్తిది కాదు. ఆవిడ ఏమీ రాయకుండా పోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుక్కీ కూతురికీ సమానంగా వస్తుంది. ఆవిడ స్వార్జితం కాబట్టి తనకి ఇష్టమైనవాళ్లకి రాసే హక్కు కూడా ఆవిడకుంది. ఇక తేల్చుకోవలసింది ఒక్కటే. ఇల్లు ఆవిడ చేతిలోనుంచి ఏ రోజు పోవాలి?

దాన దస్తావేజు అయితే ఈరోజే పోతుంది. ఇద్దరు సాక్షులు సంతకం చేసి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరై, కొడుకు దానం పుచ్చుకున్నాడంటే ఇల్లు కొడుకుది. ఆ తర్వాత మనసు మారిందని తల్లి ఒక్కతే వెళ్లి రద్దు చేసుకోలేదు. మోసం చేసో, బలవంతం చేసో రాయించుకున్నారని కోర్టులో రుజువు చేయాలి. అది ఏళ్ల తరబడి సాగే పని.

ఆ కాగితాన్ని నేను ఆవిడకి మాట మాటా చదివి వినిపించాను. "ప్రేమాభిమానములచేత, ఎట్టి షరతులు లేకుండా, ఈ దినమే స్వాధీనపరచడమైనది" అని ఉంది. ఏ దాన దస్తావేజులో చూసినా దాదాపు ఇదే వాక్యం. డాక్యుమెంట్ రైటర్ దగ్గర పాత నమూనా ఉంటుంది, పేర్లూ హద్దులూ మారుస్తారు, అంతే. "నేనిక్కడే ఉంటాను కదా, షరతులు లేవని ఎందుకు రాశారు?" అని ఆవిడే అడిగింది. ఆ ప్రశ్నే ఆవిడని కాపాడింది.

2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టం గురించి మీరు వినే ఉంటారు. పిల్లలు చూడకపోతే దానం రద్దు చేయించుకోవచ్చని చాలామంది ధైర్యంగా ఉంటారు. ఆ చట్టంలో 23వ సెక్షన్ ఉంది, నిజమే. 60 ఏళ్లు దాటినవాళ్లు ఆర్డీఓ అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌కి అర్జీ పెట్టుకోవచ్చు. కానీ "నన్ను చూసుకోవాలి" అనే షరతుకి లోబడి ఇచ్చిన ఆస్తికే ఆ సెక్షన్ వర్తిస్తుంది. షరతు లేని దానానికి వర్తించదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. 2025లో ఇంకో తీర్పులో వృద్ధులకి మేలు చేసేలా ఈ సెక్షన్‌ని ఉదారంగా చదవాలంది. అయినా ఆ కేసులో కూడా చూసుకుంటానన్న హామీ రాతలో ఉంది. కాగితంలో "షరతులు లేవు" అని మనమే సంతకం పెట్టి, తర్వాత షరతు ఉందని వాదించడం ఎంత కష్టమో ఆలోచించండి.

కాబట్టి దానమే చేయాలనుకుంటే రెండు మాటలు దస్తావేజులోనే రాయించాలి. ఒకటి, బతికున్నన్నాళ్లు ఆ ఇంట్లో ఉండే హక్కు, అద్దె వస్తే తీసుకునే హక్కు నాదే అని. రెండు, నా తిండి, వైద్యం, బాగోగులు చూడాలనే షరతు మీద ఇస్తున్నానని. జీవితకాల హక్కు ఉంచుకుంటే దానం చెల్లదని కొందరు భయపెడతారు. ఆ భయం అక్కర్లేదు. మన తెలుగువాళ్ల కేసులోనే, 2014లో, అలాంటి దానం చెల్లుతుందని సుప్రీంకోర్టు తేల్చింది. అయితే ఒక చిక్కు ఉంది. అలాంటి దస్తావేజు మీద లోన్ అడిగితే బ్యాంకు తల్లి సంతకం కూడా కావాలనే అవకాశం ఉంది. కొడుక్కి అది ఇబ్బంది. తల్లికి మాత్రం అదే రక్షణ, తనకి తెలియకుండా ఇల్లు తాకట్టుకి పోదు.

అమ్మకం సంగతి తొందరగా ముగిస్తాను. "దానం అయితే కూతురు కేసు వేస్తుంది, అమ్మినట్టు రాస్తే గట్టిగా ఉంటుంది" అని ఆవిడకి ఎవరో సలహా చెప్పారట. డబ్బు చేతులు మారకుండా "రొక్కం ముట్టినది" అని రాయడం అబద్ధం. కోర్టులో ఆ డబ్బు ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే దస్తావేజే అనుమానంలో పడుతుంది. పైగా స్థిరాస్తికి 20,000 రూపాయలు, ఆపైన నగదు పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. అమ్మినవాళ్లకి లాభం మీద పన్ను పడవచ్చు. ఖర్చు కూడా ఎక్కువ. స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ 1, మొత్తం నూటికి ఏడున్నర. 30 లక్షల విలువకి 2,25,000 రూపాయలు. కుటుంబంలో దానానికి ఇంతకన్నా తక్కువే అవుతుంది. కొడుకు నిజంగా బ్యాంకు ద్వారా డబ్బిచ్చి కొంటే, ఆ డబ్బు తల్లి ఖాతాలోనే ఉంటే, అప్పుడు అమ్మకం సరైన దారి.

ఇక వీలునామా. దీనికి స్టాంపు డ్యూటీ లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ చేయించమనే నేను చెబుతాను. బతికున్నంతకాలం ఇల్లు మనదే, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చివరగా రాసినదే చెల్లుతుంది. దీని బలహీనతంతా రాసినవాళ్లు పోయాక బయటపడుతుంది. ఇద్దరు సాక్షులు కావాలి, ఇద్దరూ ఆవిడ సంతకం చేయడం చూసి ఉండాలి, లేదా అది తన సంతకమేనని ఆవిడ వాళ్లతో చెప్పి ఉండాలి. వాళ్లు ఆవిడ ఎదుట సంతకం చేయాలి. తర్వాత తగాదా వస్తే బతికున్న సాక్షిని కనీసం ఒకరిని కోర్టుకి పిలవాలి. రిజిస్టరైనంత మాత్రాన ఆ రుజువు అక్కర్లేదని అనుకోకండి. 75 ఏళ్ల స్నేహితులిద్దరితో సంతకం పెట్టిస్తే, అవసరమైన రోజుకి ఇద్దరూ ఉండకపోవచ్చు. ఇల్లు పొందే కొడుకే రాయించి, సాక్షుల్ని తెచ్చి, దగ్గరుండి అన్నీ నడిపిస్తే అనుమానం వస్తుంది. దాన్ని తొలగించే బాధ్యత కొడుకు మీదే పడుతుందని 1959 నుంచీ సుప్రీంకోర్టు చెబుతోంది. కూతురికి ఎందుకు ఇవ్వలేదో ఒక్క వాక్యం కూడా లేకపోతే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది.

ఇదంతా స్వార్జితానికి. పిత్రార్జితమైతే కూతురు పుట్టుకతోనే వాటాదారు. తండ్రి ఒక్కడే మొత్తం ఇల్లు ఒకరికి దానం రాస్తే నిలవదు. తన వాటా వరకు వీలునామా రాసుకోవచ్చు.

ఆ పెద్దావిడ మర్నాడు రిజిస్ట్రేషన్‌కి వెళ్లలేదు. వారం తర్వాత కొడుకునీ కూతురినీ వెంటబెట్టుకుని వచ్చింది. ఇల్లు కొడుక్కి, తన పేరున ఉన్న డిపాజిట్లు కూతురికి అని వీలునామా రాయించింది. కూతురి పెళ్లికి ఇచ్చినదేమిటో కూడా ఆవిడే చెప్పి రాయించింది. సాక్షులుగా నలభై ఏళ్ల వయసున్న పొరుగింటాయన, ఆవిడకి వైద్యం చేసే డాక్టరు వచ్చారు. లోన్ కోసం తల్లీకొడుకులిద్దరూ కలిసి దరఖాస్తు పెట్టారు, ఇల్లు ఆవిడ పేరునే ఉంది. వెళ్లేటప్పుడు కూతురు నన్ను ఒక్కటే అడిగింది, "అమ్మ మళ్లీ మార్చాలనుకుంటే మార్చుకోవచ్చా సార్?" అని. మార్చుకోవచ్చమ్మా అన్నాను. కొడుకు కూడా అక్కడే ఉండి విన్నాడు.