లోపల ఎంత గుడ్డ వదిలారో రాయండి

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకు, నన్ను పిలిచిన నిర్వాహకులకు కృతజ్ఞతలు. ఫోటోలు ఎలా తీయాలో, రంగు ఎలా చూపించాలో నాకంటే ముందు మాట్లాడినవారు బాగా చెప్పారు. నేను ఆల్టరేషన్ పని చేసేదాన్ని. మీరు ఆన్‌లైన్‌లో అమ్మిన కుర్తా సెట్ కొన్నవాళ్ల ఇంటికి చేరాక, సరిపోకపోతే నా మిషన్ దగ్గరికే వస్తుంది. అందుకే దాన్ని తిప్పి చూస్తే లోపల ఏముంటుందో, మీ వివరాల్లో ఏం ఉండదో చెబుతాను.

లైనింగ్, దుపట్టా, చేతులు, తర్వాత లూజు చేసుకోవడానికి కుట్టు లోపల వదిలే మార్జిన్ అని నాలుగు విషయాలు రాసుకొచ్చాను. కానీ ఈమధ్య వచ్చిన ఒక జార్జెట్ కుర్తా ఇంకా మనసులో ఉంది. ముందు దాని సంగతి చెప్పనివ్వండి.

ఒక అమ్మాయి అక్క పెళ్లికని కొనుక్కుంది. వివరాల్లో ఇలా ఉంది: "సైజు ఎల్, ఛాతీ 40, ఫుల్ లైనింగ్, 2 అంగుళాల మార్జిన్." ఆమె ఛాతీ కొలత 40. లైనింగ్ ఉన్న, సాగని బట్టకు ఒంటి కొలత కంటే కనీసం 2 అంగుళాలు లూజు ఉండాలి. అంటే కుర్తా 42 ఉండాలి. నేను బల్ల మీద పరిచి చంక నుంచి చంకకు టేపు పెట్టాను. 20 వచ్చింది. రెండింతలు చేస్తే 40. రాసింది కుర్తా కొలతే, కానీ ఒంటి కొలతా కుర్తా కొలతా అన్నది ఎక్కడా రాయలేదు. ఆమె ఒంటి కొలత అనుకుంది. "2 అంగుళాల మార్జిన్ ఉందిగా ఆంటీ, విప్పితే అయిపోతుంది" అంది.

ఆ 2 అంగుళాలు ఎక్కడివో చూద్దాం. కుర్తాకు పక్క కుట్లు రెండు. ఒక్కో కుట్టులో ముందు భాగం, వెనక భాగం కలుస్తాయి, కాబట్టి మొత్తం నాలుగు అంచులు. జార్జెట్‌లో కుట్టు దాటి ఒక్కో అంచుకు 1 అంగుళం వదిలారు. ఆ అంగుళమంతా వాడుకోలేం, కొత్త కుట్టు నిలవాలంటే అర అంగుళం లోపల ఉండాలి. మిగిలిన అర అంగుళం నాలుగు అంచులకూ కలిపితే 2 అంగుళాలు. అంటే జార్జెట్ వరకు 42 వస్తుంది. ఇక్కడిదాకా రాసినవాళ్లు అబద్ధం చెప్పలేదు.

ఇప్పుడు లైనింగ్ చూడండి. దానికి వదిలింది అర అంగుళమే. పైగా పోగులు ఊడకుండా కుట్టును ఆనుకుని ఓవర్‌లాక్ చేసి, మిగిలిన గుడ్డ కత్తిరించేశారు. అందులోంచి ఒక్క నూలు కూడా తీయలేం. పై బట్టను 42 చేసినా లైనింగ్ 40 దగ్గరే ఆగుతుంది, ఒంటిని పట్టి ఉంచేది లైనింగే. అలా వదిలేస్తే చేయి పైకెత్తగానే చంక దగ్గర లైనింగ్ పిగులుతుంది. మీరు 2 అంగుళాల మార్జిన్ అని రాసింది ఏ పొరకు? దయచేసి మీరు అమ్మే ఒక్క పీసైనా తిప్పి, రెండు పొరలూ విడదీసి టేపు పెట్టి చూడండి. రెండింటిలో ఏది తక్కువో అదే మీ మార్జిన్. ఆ తక్కువదే రాయండి.

చివరకు లైనింగ్‌కు రెండు పక్కలా పట్టీలు వేశాను. ఒక్కో పక్క 1 అంగుళం పెరగాలి కాబట్టి, రెండు అంచుల కుట్లకు అర అంగుళం చొప్పున కలిపి 2 అంగుళాల వెడల్పు పట్టీ. చంక నుంచి సైడ్ కట్ మొదలయ్యే చోటు దాకా. అంతటితో అయిపోలేదు. పక్క కుట్టు విప్పితే చంక చుట్టు కూడా పెరుగుతుంది, దానికి తగ్గట్టు చేతి పైభాగం కూడా 1 అంగుళం పెరగాలి. ఆ చేతులకు లైనింగ్ లేదు, కుట్టు దాటి పావు అంగుళమే గుడ్డ ఉంది. కుర్తా కింది మడత విప్పి, అందులోంచి చిన్న ముక్కలు తీసి రెండు చంకల కిందా వేశాను. మడత పోయినచోట లోపల వేరే పట్టీ వేయాల్సి వచ్చింది. పెళ్లికి వేసుకుంది, కానీ చేయి ఎత్తితే ఆ అతుకు కనబడుతుంది. ఆ అమ్మాయి టెన్షన్ నేను కళ్లారా చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

"ఫుల్ లైనింగ్" అన్నదీ అంతే. ఒంటికి ఉంది, చేతులకు లేదు. చేతులకు లేదని రాస్తే మీకు పోయేదేముంది? పల్చని చేతులు ఇష్టపడేవాళ్లూ ఉన్నారు. లైనింగ్ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉందో, ఏ బట్టో రాయండి. కాటన్ లైనింగ్ అయితే ముందే తడిపి కుట్టారో లేదో కూడా రాయండి. తడపకుండా కుడితే మొదటి ఉతుకుకే అది కుంచించుకుపోయి, పై బట్ట ముడతలు పడుతుంది. అప్పుడు ఉన్న మార్జిన్ కూడా దానికే సరిపోతుంది.

మార్జిన్ ఉన్నా విప్పకూడని బట్టలున్నాయి. ఆర్గంజా, టిష్యూ, శాటిన్ లాంటివాటిలో పాత కుట్టు విప్పితే సూది రంధ్రాలు వరసగా కనిపిస్తాయి, ఇస్త్రీ చేసినా పోవు. మగ్గం వర్క్ ఉంటే, ఆ వర్క్ పక్క కుట్టు దాకా వచ్చి ఆగుతుంది. లోపల వదిలింది సాదా గుడ్డ. విప్పితే రెండు పక్కలా బోసిగా చారలు పడతాయి. అలాంటివాటికి "లూజు చేస్తే పాత కుట్టు గుర్తు కనిపిస్తుంది" అని రాసేయండి. కొనేవాళ్లు ఒక సైజు పెద్దదే తీసుకుంటారు. పెద్దది తగ్గించడం నాకు చాలా తేలిక.

స్లీవ్‌లెస్ అని ఫోటో పెట్టి, చేతుల గుడ్డ లోపల జత చేస్తారు కదా, దాని పొడవూ వెడల్పూ రాయండి. అది మోచేతి దాకా వస్తుందా, భుజం కప్పడానికే సరిపోతుందా అన్నది ఆ కొలత చూస్తేనే తెలుస్తుంది.

లెహంగా గురించి ఒక్క మాట. నడుము దగ్గర నాడా అయితే "30 నుంచి 34 వరకు" అని రాయవచ్చు. జిప్ అయితే ఎటు పక్క మార్జిన్ వదిలారో చెప్పాలి. పొడవు మాత్రం, కింద బోర్డరూ, లోపల లెహంగా విప్పారి నిలబడేలా వేసే గట్టి నెట్ క్యాన్‌క్యానూ ఉంటే కింద నుంచి మార్చలేం, తగ్గించాలన్నా నడుము దగ్గరే విప్పాలి. దుపట్టాకు పొడవు, వెడల్పు, లేసు నాలుగు వైపులా ఉందా రెండు వైపులేనా అన్నది రాస్తే చాలు.

ఇంకో సంగతి. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాల ప్రకారం, వస్తువు ప్రకటనలో చెప్పినట్టు లేకపోతే అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోవడానికి నిరాకరించకూడదు. కానీ లైనింగ్‌లో గుడ్డ లేదని ఎప్పుడు తెలుస్తుంది? నేను కుట్టు విప్పాక. విప్పిన బట్ట మీ దగ్గరికి వస్తే "ఆల్టర్ చేశారు, తీసుకోం" అంటారు. ఆ అమ్మాయికి వచ్చిన జవాబు అదే.

అదే కుర్తాకు నేనైతే ఇలా రాస్తాను, రాసుకునేవాళ్లు రాసుకోండి: "కుర్తా ఛాతీ 40 అంగుళాలు, ఇది బట్ట కొలత. 38 ఒంటి కొలతకు సరిపోతుంది. పై బట్ట మొత్తం 2 అంగుళాలు లూజు చేయవచ్చు, లైనింగ్ లూజు కాదు. లైనింగ్ భుజం నుంచి కింది అంచు దాకా, చేతులకు లేదు. చేతుల్లో మార్జిన్ లేదు." ఇది చదివి ఉంటే ఆ అమ్మాయి ఎక్స్‌ఎల్ తీసుకునేది. కుర్తాలు తెచ్చినవాళ్లు ముందుకు రండి, టేపు నా దగ్గరుంది, తిప్పి చూద్దాం.