తవుడు గోడ దాటితే అమ్మకమా, బదిలీయా?

అందరికీ నమస్కారం. భీమవరం దగ్గర ఒక కుటుంబ వ్యాపారంలో నేను చేసిన పొరపాటుతోనే మొదలుపెడతాను. ఒకే ఆవరణలో అన్నగారి రైస్ మిల్లు, గోడకి అవతల తమ్ముడుగారి తవుడు నూనె ఫ్యాక్టరీ. మిల్లు భాగస్వామ్య సంస్థ, ఫ్యాక్టరీ ప్రైవేట్ లిమిటెడ్. పాన్ వేరు, జీఎస్టీ నంబరు వేరు. వ్యాపార లెక్కల సాఫ్ట్‌వేర్ ఎస్ఏపీ పెట్టడానికి వెళ్తే అన్నగారు "అంతా మాదేనండీ, ఒకటే అనుకోండి" అన్నారు. నేనూ అలాగే అనుకుని, ఒకే కంపెనీ కోడ్ కింద మిల్లునీ ఫ్యాక్టరీనీ రెండు ప్లాంట్లుగా పెట్టేశాను.

తవుడు నిల్వ ఉంచే సరుకు కాదు. బియ్యం ఆడిన కొద్ది రోజులకే అందులోని నూనెలో ఆమ్లం పెరిగిపోతుంది. అందుకే అర్ధరాత్రయినా ట్రాక్టర్ గోడ దాటాల్సిందే. ఒక రాత్రి 20 టన్నులు వెళ్లింది. కిలో 25 రూపాయల లెక్కన 5 లక్షల సరుకు. స్టోర్ కుర్రాడు సరుకు బదిలీకి వాడే 301 అనే కోడ్ కొట్టి ప్లాంట్ నుంచి ప్లాంట్‌కి మార్చాడు. సిస్టమ్ కిక్కురుమనలేదు. స్టాకు ఇక్కడ తగ్గి అక్కడ పెరిగింది, అంతే. ఇన్వాయిస్ లేదు, మిల్లుకి అమ్మకమే లేదు.

నెలాఖరున ఆడిటర్ గారు మిల్లు బ్యాలెన్స్ షీట్ అడిగారు. నా దగ్గరున్నది రెండూ కలగలిసిన షీటు! కంపెనీ కోడ్ అంటే సొంతంగా బ్యాలెన్స్ షీట్ ఇవ్వాల్సిన సంస్థ. యజమానులు ఒకటే కుటుంబమా, గేటు ఒకటేనా అన్నది దానికి పట్టదు. పైగా, పోస్టింగులు పడ్డాక ప్లాంటును ఇంకో కోడ్ కిందికి లాగేయలేం. ఫ్యాక్టరీకి 2000 అని కొత్త కోడ్, కొత్త ప్లాంట్ తెరిచి, నిల్వలు, బాకీలు అన్నీ మళ్లీ ఎక్కించాం. ఆ రోజుల టెన్షన్ చెప్పనక్కర్లేదు.

ఇప్పుడైతే ఫ్యాక్టరీ ఆర్డర్ పెడుతుంది, మిల్లు డెలివరీ చేసి బిల్లు వేస్తుంది. మిల్లు పుస్తకంలో అమ్మకం, ఫ్యాక్టరీ పుస్తకంలో కొనుగోలు. గ్రూప్ మొత్తం లెక్క చూసేటప్పుడు ఆ రెండూ ఒకదానికొకటి కొట్టేస్తాం. రాత్రి బిల్లు వేయడం పెద్ద తలనొప్పని మిల్లు గుమస్తా ఇప్పటికీ సణుగుతూనే ఉంటాడు.

ప్లాంట్ లోపల సరుకు ఉంచే చోటుని చూపే స్టోరేజ్ లొకేషన్ దగ్గర మన మిల్లర్లు పడే బోల్తా ఇంకోటి ఉంది. పౌరసరఫరాల సంస్థ మరాడించడానికి ఇచ్చిన ధాన్యం మిల్లులో ఉంటుంది, కానీ మిల్లుది కాదు. దాన్ని విడిగా చూపించాలని ఒక లొకేషన్ తెరుస్తారు. బస్తాలు విడిగానే కనిపిస్తాయి. కానీ మనం పెట్టుకున్న పద్ధతిలో విలువ కట్టేది ప్లాంట్ స్థాయిలో. లొకేషన్ సరుకు ఎక్కడుందో చెబుతుందే తప్ప ఎవరిదో చెప్పదు. దాంతో సొంత ధాన్యం రేటే దానికీ పడి, మిల్లు ఆస్తుల్లో కలిసిపోతుంది. నెలాఖరులో స్టాక్ విలువను కొనుగోలు బిల్లులతో సరిచూస్తే ఆ తేడా బయటపడుతుంది. ఆ ధాన్యానికి విలువ లేని మెటీరియల్‌గా వేరే కోడ్ ఇచ్చి, బస్తాలు మాత్రమే లెక్కపెట్టండి.